గేటు కెమెరా గాలంతా పట్టేస్తే

హైదరాబాద్ ఉప్పల్ వైపు ఒక ఇండిపెండెంట్ ఇల్లు ఉందనుకుందాం. కింద హాలు, వంటగది, ఒక పడకగది. పైన రెండు గదులు. నెలనెలా డబ్బు కడుతున్నది 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్‌కి. ఫైబర్ వచ్చి కలిసే పెట్టె హాల్లో టీవీ వెనక గోడకు బిగించి ఉంది. వైఫై కూడా అందులోంచే వస్తుంది. దాని మీద నాలుగు ఫోన్లు, ఆఫీసు ల్యాప్‌టాప్, టీవీ, పిల్లలు ఆడుకునే పాత ట్యాబ్లెట్, పదిహేనేళ్ల నాటి ప్రింటర్, రెండు స్మార్ట్ ప్లగ్గులు, గేటు స్తంభం మీద ఒక కెమెరా ఉన్నాయి. అన్నీ ఒకే వైఫై పేరుకు, ఒకే పాస్‌వర్డ్‌తో కలిసి ఉన్నాయి.

సాయంత్రం అయ్యేసరికి టీవీలో సినిమా ఆగి ఆగి వస్తుంది. ఆఫీసు మీటింగ్‌లో అవతలివాళ్ల మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. కంపెనీకి ఫోన్ చేస్తే కుర్రాడు వస్తాడు, తన ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూస్తాడు. వేగం 90 దాటి కనిపిస్తుంది. "లైన్ బాగానే ఉంది సార్, ప్లాన్ పెంచుకోండి" అని వెళ్లిపోతాడు. అతను చెప్పిన మొదటి మాట నిజమే, లైన్ బాగానే ఉంది. రెండో మాటతో మాత్రం పని జరగదు. 100 తీసేసి 300 పెట్టించుకున్నా ఆ ఇంట్లో సినిమా అలాగే ఆగుతుంది. ఎందుకంటే ఇరుకు ఫైబర్‌లో లేదు, హాల్లోని గాలిలో ఉంది.

వైఫై ఒక ఛానల్ మీద నడుస్తుంది. ఆ ఛానల్లో ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు. రౌటర్ పంపుతుంటే ఫోన్లు ఆగాలి, ఒక ఫోన్ పంపుతుంటే రౌటర్‌తో సహా అన్నీ ఆగాలి. ప్రతి పరికరమూ ముందు గాలిని వింటుంది. ఖాళీగా ఉందనిపిస్తే కాసేపు ఆగి తన ప్యాకెట్ పంపుతుంది, తర్వాత మళ్లీ అందరితో పాటు వంతు కోసం చూస్తుంది. ఈ పద్ధతిలో న్యాయం ఉంది గానీ అది వంతుల్లోనే ఉంది, సమయంలో లేదు. వీధి కుళాయి దగ్గర మనిషికో బిందె చొప్పున వంతులు పెట్టుకున్నారనుకోండి. సన్నమూతి బిందె తెచ్చినవాళ్లు ధార తగ్గించి పట్టుకోవాలి. వాళ్లకు దక్కేదీ ఒక్క బిందే, కానీ ఆ ఒక్క బిందె నిండేదాకా మిగతా అందరూ నిలబడాల్సిందే. వైఫైలో నెమ్మది పరికరం చేసేది కూడా ఇంతే. అది ఎక్కువ డేటా తీసుకోదు, ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఇంజనీర్లు ఈ సమయాన్నే ఎయిర్‌టైమ్ అంటారు.

చిన్న లెక్క వేస్తే ఇది ఎంత తీవ్రమో తెలుస్తుంది. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. 54 ఎంబీపీఎస్ వేగంతో మాట్లాడే పరికరం దాన్ని సుమారు 222 మైక్రోసెకన్లలో పంపేస్తుంది. 6 ఎంబీపీఎస్ పరికరానికి అదే ప్యాకెట్ పంపడానికి 2000 మైక్రోసెకన్లు పడుతుంది. ఇద్దరికీ చెరో వంతు చొప్పున ఇస్తూ పోతే ఒక జత పూర్తి కావడానికి 2222 మైక్రోసెకన్లు. ఆ లెక్కన వేగంగా పోగలిగిన పరికరానికి దక్కేది 5.4 ఎంబీపీఎస్, నెమ్మది పరికరానికి దక్కేదీ అదే 5.4. వంతుల బదులు సమయాన్ని సగం సగం పంచి ఉంటే మొదటిదానికి 27, రెండోదానికి 3 వచ్చేవి. మధ్యలో వేచి ఉండే ఖాళీలను ఈ లెక్కలో వదిలేశాను, అవి కలిపినా కథ మారదు. రెండోది కాస్త లాభపడటం కోసం మొదటిది తన వేగంలో పదింట తొమ్మిది వంతులు పోగొట్టుకుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మార్టిన్ హ్యూస్, ఆయన సహచరులు 2003లోనే దీన్ని లెక్కకట్టి, కొలిచి చూపించారు. అప్పట్లో వైఫై అంటే 11 ఎంబీపీఎస్ వచ్చే 802.11బి. అందులో ఒక్క ల్యాప్‌టాప్ దూరంగా వెళ్లి 1 ఎంబీపీఎస్‌కి పడిపోతే, రౌటర్ పక్కనే ఉన్నవాళ్లందరూ ఇంచుమించు ఆ స్థాయికే దిగిపోయారు. ఆ తర్వాత 2003లో జి, 2009లో ఎన్, 2013లో ఏసీ, 2021లో ఏఎక్స్ ప్రమాణాలు వచ్చాయి. వేగాలు వందల రెట్లు పెరిగాయి. వంతుల పద్ధతి మాత్రం మూలంలో అలాగే ఉంది.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహను తీసేయాలి. పాత పరికరం ఒకటి వైఫైకి కలిస్తే చాలు, రౌటర్ మొత్తంగా దాని వేగానికి దిగిపోతుందని అంటుంటారు. అది నిజం కాదు. ఒక్కో పరికరంతో రౌటర్ ఒక్కో వేగంలో మాట్లాడుతుంది. మూలన పడి ఉండి నెలకోసారి ఒక పేజీ ముద్రించే ప్రింటర్ వల్ల మీ సినిమా ఆగదు. స్మార్ట్ ప్లగ్గుల మీద కూడా అనవసరంగా నింద వేస్తారు. అవి పంపేది కొన్ని బైట్లు, అదీ అప్పుడప్పుడు. వాటి జోలికి పోనక్కర్లేదు. నెమ్మదిగా ఉండటమూ, ఎడతెగకుండా మాట్లాడటమూ రెండూ ఒకే పరికరంలో కలిసినప్పుడే ఇల్లంతా బాధపడుతుంది.

కొత్త ప్రమాణాల్లో కొంత ఉపశమనం కూడా ఉంది. ఎన్, ఆ తర్వాతి పరికరాలు తమ వంతు వచ్చినప్పుడు ఒక్క ప్యాకెట్‌తో ఆగకుండా డజన్ల కొద్దీ ప్యాకెట్లను కట్టగట్టి పంపేస్తాయి. పాత జి పరికరానికి ఆ విద్య తెలియదు. కాబట్టి 2003 నాటి అంత ఘోరమైన సమానత్వం ఇప్పుడు రాదు. కానీ కట్టగట్టే విద్య తెలిసి కూడా సిగ్నల్ బలహీనమై నెమ్మదించిన పరికరం ఉంటే, అది తన కట్టతో ఒక్కో వంతులో అనేక మిల్లీసెకన్ల పాటు గాలిని పట్టి ఉంచగలదు. అంటే పాతదనం కంటే దూరం ఎక్కువ నష్టం చేసే సందర్భాలు ఉన్నాయి. మన ఇంట్లో జరుగుతున్నది సరిగ్గా అదే.

గేటు స్తంభం మీది కెమెరాను చూద్దాం. దానికి తెలిసింది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. లోపలికి ఒకే యాంటెన్నా. రౌటర్ పక్కన పెడితే అది 65 ఎంబీపీఎస్‌తో మాట్లాడగలదు. గేటు దగ్గర మధ్యలో టీవీ, రెండు గోడలు, ఇనుప గేటు అడ్డం రావడంతో సిగ్నల్ సన్నబడి, అది తన అట్టడుగు వేగమైన 6.5కి దిగిపోయింది. కెమెరా పగలూ రాత్రీ రికార్డింగ్ పెట్టెకు పంపే వీడియో సెకనుకు 2 మెగాబిట్లు. 65 వేగంతో ఆ 2 మెగాబిట్లు పంపడానికి సెకనులో 3 శాతం సమయం చాలు. 6.5 వేగంతో అదే పనికి 31 శాతం పడుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ప్యాకెట్లు చెడిపోతాయి, చెడిపోయినవాటిని మళ్లీ పంపాలి. మూడింటికి ఒకటి మళ్లీ పంపాల్సి వచ్చిందనుకున్నా 40 శాతం దాటిపోతుంది. ప్యాకెట్ల మధ్య ఖాళీలు కలుపుకుంటే సగం. పంపింది 2 మెగాబిట్లే, తినేసింది హాల్లోని 2.4 గాలిలో సగం.

ఇప్పుడు టీవీ సంగతి. అది రౌటర్‌కి మూడడుగుల దూరంలో ఉంది, లింక్ వేగం 72 అని చూపిస్తుంది. ఒంటరిగా ఉంటే అందులోంచి 45, 50 దాకా నిజమైన వేగం రావచ్చు. సగం గాలి పోయాక మిగిలిన ఇరవై పైచిలుకునే టీవీ, ట్యాబ్లెట్, 2.4 మీద ఉండిపోయిన ఫోన్లు పంచుకోవాలి. పక్కింటి రౌటర్ కూడా అదే ఛానల్లో ఉంటే వాళ్లూ ఇదే గాలిలోంచి తమ వాటా తీసుకుంటారు. మీటింగ్‌లో మాట తెగడానికి కారణం వేగం చాలకపోవడం కూడా కాదు. ల్యాప్‌టాప్ ప్యాకెట్ తన వంతు కోసం ఎక్కువసేపు ఎదురుచూడటమే.

ఎవరు తింటున్నారో కనిపెట్టడం ఇంట్లోవాళ్ల చేతిలో పనే. మొదట ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. 90 దాటితే ఫైబర్ మీద అనుమానం తీసేయవచ్చు. తర్వాత కేబుల్ తీసేసి, రౌటర్ ఎదురుగా కూర్చుని వైఫై మీద చూడండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి కింది మొదటి ఆదేశం టైప్ చేస్తే ఏ ప్రమాణంలో, ఏ ఛానల్లో, ఎంత లింక్ వేగంతో కలిశారో కనిపిస్తుంది. రెండో ఆదేశం రౌటర్‌ని పలకరిస్తూనే ఉంటుంది. అందులో మీ రౌటర్ చిరునామా వేసుకోవాలి, చాలా ఇళ్లలో అది ఇదే.

```
netsh wlan show interfaces
ping -t 192.168.1.1
```

రౌటర్ పక్కనే ఉన్నప్పుడు జవాబు కొద్ది మిల్లీసెకన్లలో రావాలి. అది 5, 180, 40, 300 అంటూ ఎగురుతుంటే గాలి నిండిపోయిందని అర్థం. ఆ కిటికీ తెరిచి ఉంచే అనుమానం ఉన్న పరికరాలను ఒక్కొక్కటిగా ప్లగ్ తీసి చూడండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. కెమెరా తీయగానే అంకెలు కుదురుకుని, పెట్టగానే మళ్లీ ఎగిరితే దొంగ దొరికినట్టే. ల్యాప్‌టాప్ 2.4 మీద ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే అది వేరే గాలి, కెమెరా ప్రభావం అక్కడ కనిపించదు.

రౌటర్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది. కొన్నింటిలో ఒక్కోదాని లింక్ వేగం, సిగ్నల్ బలం కూడా చూపిస్తారు. ఆ జాబితా చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఊరికే ఉన్న ఫోన్ పక్కన 1 అనో 6 అనో కనిపిస్తే కంగారు పడకండి. నిద్రలో ఉన్న ఫోన్ తాను బతికే ఉన్నానని చెప్పడానికి పంపే చిన్న సందేశాలు అట్టడుగు వేగంలోనే పోతాయి, ఆఖరున పోయిన సందేశం వేగమే అక్కడ కనిపిస్తుంది. ఆ పరికరంలో ఒక వీడియో పెట్టి, నడుస్తుండగా చూడండి. అప్పుడు కూడా 6.5, 13 దగ్గరే ఉంటే అది నిజంగా నెమ్మది పరికరం.

కారణం తెలిశాక మందు ఒక్కో పరికరానికి ఒక్కోటి. అన్నింటికంటే గట్టి మందు తీగ. కదలకుండా ఒకచోట ఉండే దేనికీ వైఫై అవసరం లేదని నా నమ్మకం. మన ఇంట్లో టీవీ రౌటర్‌కి మూడడుగుల దూరంలో ఉంది, వెనక లాన్ రంధ్రం ఉంది. చిన్న కేబుల్ ముక్కతో అది గాలిలోంచి పూర్తిగా తప్పుకుంటుంది. ప్రింటర్లలో కూడా చాలావాటికి లాన్ రంధ్రమో యూఎస్‌బీ రంధ్రమో ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌ను పారేయక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్ అందుకునే చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెట్టి, లోపలి పాత వైఫైని ఆపేస్తే సరిపోతుంది. పిల్లల ట్యాబ్లెట్‌కి మాత్రం ఈ దారులేవీ లేవు. అది జి కాలానిదైతే, అందులో వీడియోలు చూడటం మాన్పించి, డౌన్‌లోడ్ చేసిన కథలకూ ఆటలకూ మాత్రమే ఉంచుకోవచ్చు. లేదంటే దానికి సెలవిచ్చేయాలి. సెలవిచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, మీ వైఫై పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది. పాత సామానువాడికి కాకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.

కెమెరాకు గేటుదాకా తీగ లాగగలిగితే అంతకు మించింది లేదు. లాగలేకపోతే దాన్ని వేరు చేయాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు. రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్ అనో, మరో పేరు అనో పెట్టి, కెమెరాను అందులోకి మార్చి, వేరు చేశామనుకుంటారు. భద్రత కోసమైతే అది మంచి పనే. కెమెరాలోకి ఎవరైనా చొరబడినా మీ ల్యాప్‌టాప్ దాకా రాలేరు. ఎయిర్‌టైమ్ విషయంలో మాత్రం ఏమీ మారలేదు. ఆ రెండు పేర్లూ ఒకే రేడియోలోంచి, ఒకే ఛానల్లోంచి వస్తాయి. కెమెరా పాత పేరుతో పట్టిన గాలినే కొత్త పేరుతో పడుతుంది. పైగా ఆ కొత్త పేరుకు కూడా కొంత గాలి ఖర్చవుతుంది, ఎలాగో కాసేపట్లో చెప్తాను.

నిజమైన వేరు చేయడం అంటే వేరే రేడియో ఇవ్వడం. ఇప్పటి రౌటర్లలో 2.4కి ఒక రేడియో, 5కి ఒక రేడియో విడివిడిగా ఉంటాయి. రెండూ ఒకేసారి మాట్లాడగలవు. కాబట్టి మొదటి పని ఈ రెండింటికీ రెండు పేర్లు పెట్టడం. ఇంటి పేరు 5 గిగాహెర్ట్జ్‌కి ఇచ్చి, 2.4కి అదే పేరు చివర `2G` అని తగిలించండి. ఫోన్లు, ల్యాప్‌టాప్ మొదటిదానికే కలపండి, వాటిలో 2.4 పేరును మర్చిపోనివ్వండి. లేకపోతే అవి అటూ ఇటూ పోతుంటాయి. కెమెరా, ప్లగ్గులు, ప్రింటర్ 2.4 మీద ఉండిపోతాయి. వాటిలో కొన్నింటిని మొదటిసారి కలిపేటప్పుడు ఫోన్ కూడా కాసేపు 2.4 మీద ఉండాల్సి వస్తుంది, పని అయ్యాక వెనక్కి వచ్చేయాలి. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనం. పై గదుల్లో అందకపోతే అక్కడి ఫోనే 5 మీద కొత్త నెమ్మది పరికరం అవుతుంది. కొత్త ఫోన్ అయినా అంతే. ఆ గదికి కేబుల్ లాగి మరో యాక్సెస్ పాయింట్ పెట్టడమే దానికి మార్గం.

రెండో మెట్టు కెమెరా కోసమే ఒక రేడియో. చాలా ఇళ్లలో అటక మీద ఒక పాత రౌటర్ ఉంటుంది. అది ఎన్ ప్రమాణంది, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ భద్రత తెలిసింది అయితే ఈ పనికి భేషుగ్గా సరిపోతుంది. దాన్ని రీసెట్ చేసి, డీహెచ్‌సీపీ ఆపేసి, మొదటి రౌటర్ చిరునామాతో తగాదా రాకుండా దాని చిరునామాను `192.168.1.2` లాంటిదానికి మార్చి, గేటు వైపు కిటికీ దగ్గర పెట్టండి. మొదటి రౌటర్ లాన్ రంధ్రం నుంచి దీని లాన్ రంధ్రానికి కేబుల్ లాగండి. వాన్ రంధ్రంలో పెట్టకూడదు. మొదటి రౌటర్ 2.4 ఛానల్‌ను 1కి, దీన్ని 11కి కట్టేయండి. రెండింటిలోనూ ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. 1, 6, 11 మాత్రమే ఒకదానికొకటి అడ్డు రాని ఛానళ్లు. ఇప్పుడు కెమెరాకు రౌటర్ దగ్గరైంది, వేగం 6.5 నుంచి 50, 65 దాకా ఎక్కింది. అది మాట్లాడే గాలి కూడా హాల్లోది కాదు. ఒక్క కేబుల్‌తో రెండు పనులూ అయ్యాయి. రౌటర్‌కి కేబుల్ లాగకుండా గాలిలోనే అందుకుని గాలిలోనే తిరిగి పంపే రిపీటర్ కొనకండి. చవకరకం రిపీటర్ ప్రతి ప్యాకెట్‌ను అదే ఛానల్లో రెండుసార్లు పంపుతుంది.

కొన్ని రౌటర్లలో `Airtime Fairness` అనే మీట ఉంటుంది. వంతులకు బదులు సమయాన్ని సమంగా పంచడం దాని పని. ఈ ఆలోచన లినక్స్ వైఫైలోకి గట్టిగా రావడానికి స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయానికి చెందిన టోకే హోయ్‌లాండ్-యోర్గెన్సెన్, సహచరులు 2017లో ప్రచురించిన పని ముఖ్య కారణం. ఈ మీట ఉంటే వేసి చూడండి. నెమ్మది ట్యాబ్లెట్‌లో వీడియో చూస్తున్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ పంపేది రౌటర్, ఎవరికెంత సమయం ఇవ్వాలో దాని చేతిలో ఉంటుంది. కెమెరా విషయంలో పంపేది కెమెరా. గాలి ఖాళీ అయిందనుకుని అది మాట్లాడటం మొదలుపెడితే రౌటర్ నోరు మూయించలేదు. ఈ మీట వేశాక చిన్న స్మార్ట్ పరికరాలు తెగిపోతుంటే 2.4 మీద దాన్ని తీసేయండి.

ఇక అసలైన ముసలి పరికరాలకు వద్దాం. 802.11బి 1999 నాటిది. ఈ రోజు ఇళ్లలో బి మాత్రమే తెలిసిన పరికరం చాలా అరుదు. అయినా రౌటర్లు దాని కోసం తలుపు తెరిచే ఉంచుతాయి, `802.11 b/g/n mixed` అని కనిపించేది అదే. ఆ తలుపు తెరిచి ఉన్నందుకు రోజంతా అద్దె కడుతున్నాం. రౌటర్ సెకనుకు సుమారు పదిసార్లు తన పేరు చాటుతుంది. బి పరికరాలకు కూడా అర్థం కావాలి గనుక ఆ చాటింపును 1 ఎంబీపీఎస్‌లో చేస్తుంది. చాటింపు 300 బైట్లు ఉంటే ఒక్కోసారి రెండున్నర మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మొత్తం గాలిలో రెండున్నర శాతం. ఎవరూ ఏమీ వాడకపోయినా ఇది పోతుంది. గెస్ట్ పేరు పెడితే మరో రెండున్నర. అపార్ట్‌మెంట్లో ఒకే ఛానల్లో పది పేర్లు వినిపిస్తుంటే పావు వంతు గాలి చాటింపులకే సరి. బి తలుపు మూస్తే చాటింపు 6 ఎంబీపీఎస్‌లో పోతుంది, ఖర్చు ఆరో వంతుకు పడిపోతుంది. నిజంగా బి పరికరం ఏదైనా కలిసే ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. దాని భాషలో ముందుగా "ఆగు" అని చెప్పకుండా మిగతా పరికరాలు ఒక్క ప్యాకెట్ కూడా పంపలేవు. అది ఊరికే కూర్చున్నా సరే.

కాబట్టి రౌటర్ వైర్‌లెస్ పేజీలో `Mode` దగ్గర `g/n` గానీ, మీ పరికరాలన్నీ ఎన్ తర్వాతివైతే `n only` గానీ ఎంచుకోండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాడేవాళ్లకు ఇది మూడు వరుసల పని. కొత్త వెర్షన్లలో బి వేగాలు ముందే ఆగి ఉంటాయి. రేడియో పేరు మీ దాంట్లో వేరుగా ఉండవచ్చు, 2.4ది ఏదో చూసుకోండి.

```
uci set wireless.radio0.legacy_rates='0'
uci commit wireless
wifi reload
```

మార్చిన తర్వాత ఇంట్లో అన్ని పరికరాలూ తిరిగి కలిశాయో లేదో చూడండి. కలవనిది ఏదైనా ఉంటే మీరు వెతుకుతున్న ముసలి పరికరం అదే. దాన్ని వాడుతున్నారా లేదా అన్నది తేల్చుకుని, వాడకపోతే సాగనంపండి. వాడుతుంటే తీగ పెట్టండి.

ఆఖరిగా ఒక సెట్టింగ్ ఉంది. "ఒక్క పాత పరికరం అందరినీ కిందికి లాగేస్తుంది" అనే మాట అక్షరాలా నిజమయ్యేది ఇక్కడే. వైఫై భద్రతలో డబ్ల్యూఈపీ, టీకేఐపీ అనే పాత రకాలున్నాయి. 2004లో వచ్చిన తొలి నింటెండో డీఎస్ లాంటి ఆట పరికరాలకు డబ్ల్యూఈపీ తప్ప మరోటి తెలియదు. అలాంటిదాని కోసం ఎప్పుడో ఎవరో రౌటర్‌ని ఆ రకానికి మార్చి వదిలేసి ఉండవచ్చు. ఎన్ ప్రమాణం ఆ పాత రకాలతో తన వేగాలను వాడనివ్వదు. రౌటర్ ఎంత కొత్తదైనా, ఫోన్ ఎంత ఖరీదైనా 54 దగ్గర ఆగిపోతుంది. మీ ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి, రౌటర్ పక్కన కూడా లింక్ వేగం 54 దాటడం లేదంటే ముందు ఇదే చూడండి. రౌటర్లో `TKIP` గానీ, `TKIP+AES` గానీ ఉంటే `WPA2-PSK [AES]`కి మార్చండి. డబ్ల్యూఈపీని నిమిషాల్లో ఛేదించవచ్చు గనుక వేగం కోసమే కాదు, భద్రత కోసమైనా ఆ పరికరాన్ని వైఫై నుంచి తప్పించాల్సిందే.

పక్కింటివాళ్ల రౌటర్ మన చేతిలో లేదు. 2.4 గాలిలో వాళ్ల వాటా వాళ్లకు ఉంటుంది. అందుకే ముఖ్యమైన పరికరాలను 5 మీదికి చేర్చడం పట్టణాల్లో మరీ అవసరం. మన దేశంలో 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో చాలా విశాలమైన భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. 2.4లో అడ్డురాని ఛానళ్లు మూడే ఉంటే అక్కడ అంతకు ఎన్నో రెట్ల చోటు ఉంది.

ఈసారి నెట్ ఆగితే ప్లాన్ పెంచమని ఫోన్ చేసే ముందు టీవీకి ఒక లాన్ కేబుల్ పెట్టండి, గేటు కెమెరా ప్లగ్ రెండు నిమిషాలు తీసి పింగ్ చూడండి.